పన్ను లేని 5.6, పన్ను పడే 6.8: పది లక్షలకు ఏది ఎక్కువ?

(తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక పన్ను సలహాదారు చేసిన ప్రసంగం, చివర్లో వచ్చిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. బోర్డు మీద రెండు అంకెలు రాశాను, వెనక కూర్చున్నవాళ్ళకు కనిపిస్తున్నాయనుకుంటాను. ఎడమవైపు 6.8. బ్యాంకు ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీ. కుడివైపు 5.6. ట్యాక్స్ ఫ్రీ బాండు మీద వచ్చే రాబడి. ఈ రెండూ నేను లెక్క కోసం తీసుకున్న అంకెలు. మీరు కొనే రోజున ఎంత ఉంటే అంత వేసుకోండి, పద్ధతి మారదు.

6.8 ఎలా వచ్చిందో ముందు చెప్తాను. బ్యాంకు బోర్డు మీద 6.6 శాతం అని ఉందనుకోండి. మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడితే ఏడాది చివరికి అది 6.77 అవుతుంది, నేను 6.8 అని రాసుకున్నాను. ఇలా ఎందుకు మార్చానంటే బాండు వడ్డీ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టాలంటే రెండూ ఏడాది లెక్కలోకి రావాలి. సీనియర్ సిటిజన్లకు బ్యాంకు ఎక్కువ రేటు ఇస్తే ఆ రేటే వేసుకోండి.

ఇక నేను చెప్పే పన్ను లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానానివి. మీలో ఎక్కువమంది ఇప్పుడు అందులోనే ఉన్నారు. పాత విధానంలోనే ఉన్న సీనియర్లకు వడ్డీ మీద 50 వేల వరకు మినహాయింపు ఉంటుంది కాబట్టి వాళ్ళ లెక్క వేరు, దాని జోలికి ఈరోజు పోవడం లేదు.

ట్యాక్స్ ఫ్రీ బాండు అంటే ఏది, ఏది కాదు అన్నది తేల్చుకుందాం. నేషనల్ హైవేస్ అథారిటీ, ఇండియన్ రైల్వే ఫైనాన్స్, ఆర్‌ఈసీ, పవర్ ఫైనాన్స్, హడ్కో, నాబార్డ్ లాంటి ప్రభుత్వ సంస్థలు కేంద్రం అనుమతితో పది, పదిహేను, ఇరవై ఏళ్ళకు ఇచ్చిన బాండ్లు ఇవి. వీటి వడ్డీ మీ మొత్తం ఆదాయంలోకే రాదు. 2015-16 తర్వాత కొత్తవి ఇవ్వలేదు. అందువల్ల ఇప్పుడు ఎవరైనా "కొత్త ట్యాక్స్ ఫ్రీ బాండు వచ్చింది సార్" అని ఫోన్ చేస్తే జాగ్రత్తగా వినండి. ఇల్లు, స్థలం అమ్మినవాళ్ళు లాభం మీద పన్ను తప్పించుకోవడానికి కొనే క్యాపిటల్ గెయిన్స్ బాండ్లున్నాయి, వాటి వడ్డీకి పన్ను ఉంది. రిజర్వ్ బ్యాంకు ఫ్లోటింగ్ రేటు బాండ్ల వడ్డీకి పన్ను ఉంది. ఐదేళ్ళ ట్యాక్స్ సేవింగ్ డిపాజిట్‌కీ అంతే, పేరులో ట్యాక్స్ సేవింగ్ అని ఉన్నా వడ్డీకి పన్ను కట్టాల్సిందే. అసలైన ట్యాక్స్ ఫ్రీ బాండు కావాలంటే డీమ్యాట్ ఖాతా తీసుకుని ఎన్‌ఎస్‌ఈలోనో బీఎస్‌ఈలోనో ఎవరైనా అమ్ముతుంటే కొనుక్కోవాలి. అంటే పాత బాండును ఇంకొకరి దగ్గర కొంటున్నారన్నమాట.

పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. పాత బాండు మీద పాత వడ్డీ రాసి ఉంటుంది. ఒక బాండు తీసుకుందాం. ముఖ విలువ 1,000 రూపాయలు, వడ్డీ 8 శాతం, గడువు ఇంకా సరిగ్గా ఐదేళ్ళుంది. మార్కెట్లో దాని ధర 1,102 రూపాయలు. మీకు దాన్ని అమ్మజూపే ఏజెంటు ఏమంటాడు? "సార్, ఎనిమిది శాతం ట్యాక్స్ ఫ్రీ. మీరు ముప్పై శాతం స్లాబులో ఉన్నారు. బ్యాంకులో 11.6 శాతం వచ్చినట్టు లెక్క." భాగహారం తప్పు కాదు. 8ని 0.688తో భాగిస్తే 11.6 వస్తుంది. భాగించిన 8 తప్పు.

ఎందుకు తప్పు? మీరు పెట్టేది 1,102. ఏటా వచ్చేది 80 రూపాయలు. ఐదేళ్ళ తర్వాత ఆ సంస్థ మీకు తిరిగి ఇచ్చేది 1,000 మాత్రమే. పైన పెట్టిన 102 రూపాయలు పోయినట్టే. ఐదేళ్ళలో పోయే 102ని ఏడాదికి పంచితే 20 రూపాయల 40 పైసలు. 80లోంచి తీసేస్తే 59 రూపాయల 60 పైసలు మిగిలింది. దాన్ని కొన్న ధరకూ చివరికి వచ్చే ధరకూ మధ్య సగటుతో, అంటే 1,051తో భాగించండి. 5.67 శాతం వస్తుంది. ఇది చేతి లెక్క. కచ్చితంగా కంప్యూటర్లో వేస్తే 5.6 వస్తుంది. దీన్నే మెచ్యూరిటీ దాకా ఈల్డ్ అంటారు. పన్ను పోలికకు తీసుకోవాల్సింది ఈ అంకె. బాండు మీద రాసిన 8 గానీ, 80ని 1,102తో భాగిస్తే వచ్చే 7.26 గానీ పనికిరావు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, పెన్షన్‌తో బతికేవాళ్ళు తప్పక గుర్తుపెట్టుకోవాలి. పది లక్షలకు ఈ బాండ్లు 907 వస్తాయి. ఏటా 72,560 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, డిపాజిట్ ఇచ్చే 68 వేల కంటే ఎక్కువే. కానీ అందులో మీ నిజమైన రాబడి 56 వేలు. మిగిలిన 16,500 మీ అసలే మీకు ముక్కలుగా తిరిగొస్తోంది. మొత్తం ఖర్చు పెట్టేస్తే ఐదేళ్ళ తర్వాత చేతికొచ్చేది 9 లక్షల 7 వేలు. ఆ 16,500ను ఏటా పక్కన పెట్టి, దాని మీద కూడా పన్ను పోను 5.6 శాతం వచ్చేలా చూసుకుంటేనే పది లక్షలు పది లక్షలుగా ఉంటాయి. ఇక నుంచి నేను 56 వేలు అన్నప్పుడల్లా ఇలా పక్కన పెట్టారన్న లెక్కతోనే అంటున్నాను.

ఇప్పుడు పోలిక. 5.6 పన్ను లేనిది, 6.8 పన్ను పడేది. రెండింటినీ ఒకే కొలతలోకి తేవడానికి ఒక ప్రశ్న వేసుకోవాలి: పన్ను కట్టాక నా చేతిలో 5.6 మిగలాలంటే, బ్యాంకు నాకు ఎంత ఇవ్వాలి? మన చిత్తూరు జిల్లాలో మామిడి రైతుకు ఈ లెక్క నోటికి వస్తుంది. మండీలో కమీషను పదో వంతు పోతుందంటే, కిలోకి 18 రూపాయలు ఇంటికి తెచ్చుకోవాలంటే కాయ ఎంతకు అమ్ముడుపోవాలి? 18కి పదో వంతు కలిపితే 19.80 వస్తుంది, అది చాలదు. 18ని 0.9తో భాగించాలి, 20 రావాలి. పన్నుకూ అంతే. బాండు ఈల్డ్‌ను "ఒకటి నుంచి పన్ను రేటు తీసేయగా మిగిలినదానితో" భాగించాలి.

బోర్డు మీద రాస్తాను చూడండి.

పన్నుకు ముందు సమానమైన రాబడి = బాండు ఈల్డ్ ÷ (1 − పన్ను రేటు)

పన్ను రేటు అంటే స్లాబు రేటు మీద 4 శాతం సెస్సు కూడా కలపాలి. 30 శాతం స్లాబు అంటే 31.2 అవుతుంది. 5.6ని 0.688తో భాగిస్తే 8.14. అంటే 24 లక్షలు దాటిన ఆదాయం ఉన్నవారికి బ్యాంకు 8.14 శాతం ఇస్తేనే బాండుతో సమానం. బ్యాంకు ఇచ్చేది 6.8. బాండే మేలు, తేడా కూడా పెద్దది. 20 శాతం స్లాబు సెస్సుతో 20.8, సమాన రాబడి 7.07. ఇక్కడా బాండే, తేడా మాత్రం తగ్గింది. 15 శాతం స్లాబు సెస్సుతో 15.6, సమాన రాబడి 6.64. ఇప్పుడు బ్యాంకు 6.8 గెలిచింది. 10 శాతం వారికి 6.25, 5 శాతం వారికి 5.91. వాళ్ళు బాండు గురించి ఆలోచించాల్సిన పనే లేదు.

గీత ఎక్కడ పడుతుందో కూడా తెలుసుకోవచ్చు. 5.6ని 6.8తో భాగించి ఒకటిలోంచి తీసేయండి. 0.176 వస్తుంది. మీ పన్ను రేటు 17.6 శాతం కంటే ఎక్కువైతే బాండు, తక్కువైతే డిపాజిట్. ఈ ఒక్క అంకె తెలిస్తే పై పట్టిక కూడా అక్కరలేదు.

ఇంతవరకు యూట్యూబులో ఎవరైనా చెప్తారు. నేను మిమ్మల్ని ఎండలో ఇంతదూరం రప్పించింది దీనికి కాదు. ఆ "పన్ను రేటు" అన్న మాట దగ్గర అందరూ తమ స్లాబు వేసుకుంటారు. కొత్త విధానంలో 12 లక్షల చుట్టుపక్కల ఉన్నవారికి అలా వేస్తే జవాబు తలకిందులవుతుంది. ఈ హాల్లో అలాంటివాళ్ళు చాలామందే ఉంటారని నా అంచనా. యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా రిటైరైనవారి పెన్షన్‌కు కొద్దిగా అద్దె కలిస్తే సరిగ్గా ఆ ప్రాంతానికే వస్తుంది.

సంగతేమిటంటే, కొత్త విధానంలో పన్ను పడే ఆదాయం 12 లక్షల దాకా ఉంటే, స్లాబుల ప్రకారం పడే 60 వేల పన్నును రిబేటు కింద పూర్తిగా వదిలేస్తారు. 12 లక్షల ఒక్క రూపాయి అయితే ఆ రిబేటు పోతుంది. ఒక్క రూపాయికి 60 వేలు కట్టమంటే అన్యాయం కదా అని మార్జినల్ రిలీఫ్ అని ఒకటి పెట్టారు. దాని ప్రకారం 12 లక్షల పైన మీ ఆదాయం ఎంత పెరిగిందో, పన్ను అంతకు మించకూడదు. మంచి ఏర్పాటే. కానీ దాన్ని ఇంకోవైపు నుంచి చూడండి. 12 లక్షల పైన వచ్చే ప్రతి రూపాయికీ రూపాయి పన్ను, పైన నాలుగు పైసలు సెస్సు. ఇది ఎందాకా? 12 లక్షల 70 వేల 588 దాకా. ఆ తర్వాత మళ్ళీ మామూలు 15 శాతం స్లాబు. స్లాబు పట్టికలో ఈ ముక్క కనిపించదు. అక్కడ 12 నుంచి 16 లక్షలు 15 శాతం అనే ఉంటుంది.

ముగ్గురిని తీసుకుందాం. ముగ్గురి దగ్గరా పది లక్షలున్నాయి. డిపాజిట్ చేస్తే 68 వేలు, బాండు కొంటే 56 వేలు. మిగిలిన ఆదాయం మాత్రమే వేరు.

మొదటి ఆయనకు స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా పన్ను పడే ఆదాయం 10 లక్షల 90 వేలు. స్లాబు చూస్తే 10 శాతం. డిపాజిట్ వడ్డీ కలిపితే 11 లక్షల 58 వేలు. 12 లోపే ఉంది, రిబేటు వస్తుంది, పన్ను సున్నా. అంటే ఆయన స్లాబు 10 అయినా, ఈ 68 వేల మీద ఆయన నిజమైన పన్ను రేటు సున్నా. డిపాజిట్ 68 వేలు, బాండు 56 వేలు. బాండు కొంటే ఏటా 12 వేలు వదులుకున్నట్టు.

రెండో ఆమె. పన్ను పడే ఆదాయం 11 లక్షల 90 వేలు. స్లాబు ఇదీ 10 శాతమే. మొదటి ఆయనకూ ఈమెకూ పట్టికలో తేడా లేదు. డిపాజిట్ వడ్డీ కలిపితే 12 లక్షల 58 వేలు. స్లాబుల ప్రకారం పన్ను 68,700. మార్జినల్ రిలీఫ్ దాన్ని 58 వేలకు తగ్గిస్తుంది. సెస్సు కలిపితే 60,320. ముందు ఆమె కట్టేది సున్నా. అంటే 68 వేల వడ్డీ తెచ్చిన పన్ను 60,320. ఆమెకు మిగిలేది 7,680 రూపాయలు. పది లక్షల మీద, ఏడాది మొత్తానికి! ఆమె నిజమైన పన్ను రేటు దాదాపు 89 శాతం. అదే బాండు కొంటే వడ్డీ ఆదాయంలోకే రాదు, 11 లక్షల 90 వేలు అలాగే ఉంటుంది, పన్ను సున్నా, రాబడి 56 వేలు.

ఇంకా పైకి పోతే, 12 లక్షల 10 వేల ఆదాయం ఉన్నవారి పరిస్థితి మరీ ఘోరం. అదే డిపాజిట్ మీద వాళ్ళకు పన్ను పోను మిగిలేది 3,832. కావాలంటే ఇంటికెళ్ళి వేసి చూసుకోండి.

మూడో ఆయన. 13 లక్షల 50 వేలు. రెండో ఆమె కంటే ఎక్కువ ఆదాయం, స్లాబు 15 శాతం. ఆయనకు బాండు ఇంకా బాగుండాలి కదా? లేదు. ఆయన రిలీఫ్ ప్రాంతం దాటిపోయాడు. 68 వేల మీద 15.6 శాతం పోతే 57,392 మిగులుతుంది. బాండు 56 వేలు. డిపాజిట్‌దే పైచేయి, ఏటా 1,392తో. ఇంత చిన్న తేడాకు నేనైతే పెద్దగా పట్టించుకోను, ఆయనకు ఏది సులువో అది చేయమంటాను.

కింది నుంచి పైకి మొత్తం చూస్తే ఇలా ఉంటుంది. ఈ పది లక్షల ఉదాహరణలో, మిగిలిన ఆదాయం దాదాపు 11 లక్షల 43 వేల దాకా డిపాజిట్ మేలు. అక్కడి నుంచి దాదాపు 12 లక్షల 69 వేల దాకా బాండు. ఆపైన మళ్ళీ డిపాజిట్. 16 లక్షల దగ్గరికి వచ్చాక మళ్ళీ బాండు, ఇక అక్కడి నుంచి పైకంతా బాండే. "ఎక్కువ పన్ను కట్టేవాళ్ళకు బాండు, తక్కువ కట్టేవాళ్ళకు డిపాజిట్" అని పేపర్లలో రాస్తుంటారే, ఆ మాట మధ్యలో ఒకసారి విరిగి మళ్ళీ అతుక్కుంటుంది. పెట్టే డబ్బు పది కాక ఐదు లక్షలైతే ఈ సరిహద్దులు కాస్త జరుగుతాయి.

కాబట్టి నా సలహా ఒకటే పని. స్లాబు పట్టిక పక్కన పెట్టండి. ఆదాయపన్ను శాఖ వెబ్‌సైటులో పన్ను కాలిక్యులేటర్ ఉంది, లాగిన్ కూడా అక్కరలేదు. మొదట డిపాజిట్ వడ్డీ లేకుండా మీ ఆదాయం వేసి పన్ను ఎంతో రాసుకోండి. తర్వాత ఆ వడ్డీ కలిపి వేసి మళ్ళీ రాసుకోండి. రెండింటి తేడాను వడ్డీతో భాగిస్తే అదే మీ పన్ను రేటు. దాన్ని ఇందాకటి 17.6తో పోల్చండి. మార్జినల్ రిలీఫ్, సెస్సు, 50 లక్షలు దాటినవారికి సర్‌చార్జి, అన్నీ ఆ తేడాలోనే కలిసి వచ్చేస్తాయి.

రెండో ఆమె దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే మొత్తం డబ్బు బాండులోనే పెట్టాలని లేదు. ఆమెకు 12 లక్షలకు ఇంకా 10 వేల ఖాళీ ఉంది. ఆ ఖాళీని పన్ను పడే వడ్డీతో నింపుకోవచ్చు. లక్షా 47 వేలు డిపాజిట్ చేస్తే 10 వేలకు నాలుగు రూపాయలు తక్కువ వడ్డీ వస్తుంది, పన్ను లేదు. మిగిలిన 8 లక్షల 53 వేలకు బాండ్లు కొంటే 47,768. మొత్తం 57,764. అంతా బాండులో పెట్టినదానికంటే 1,764 ఎక్కువ. అయితే కాగితం మీద ఇంత అంచుదాకా నింపమని నేను చెప్పను. సేవింగ్స్ ఖాతా వడ్డీ కూడా ఆదాయమే, దాన్ని అందరూ మర్చిపోతారు. పన్ను రీఫండ్ మీద వచ్చే వడ్డీ ఆదాయమే. మధ్యలో డీఏ పెంచి అరియర్లు ఇచ్చారంటే సంతోషించేలోపు 12 లక్షలు దాటిపోతారు. కొద్దిగా చోటు వదిలిపెట్టుకోండి.

ఇంకో రెండు సంగతులు, త్వరగా చెప్పి ప్రశ్నలకు వస్తాను.

మొదటిది టీడీఎస్. సీనియర్లకు ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటకపోతే టీడీఎస్ పట్టరు. "బ్యాంకు పట్టలేదు, కాబట్టి నాకు పన్ను లేదు" అనుకునేవాళ్ళను ఏటా జులైలో చూస్తుంటాను. పట్టినా పట్టకపోయినా వడ్డీ మీ ఆదాయంలోకి వస్తుంది, వార్షిక సమాచార నివేదికలో కనిపిస్తుంది. అలాగే మెచ్యూరిటీకి ఒకేసారి ఇచ్చే డిపాజిట్‌లో వడ్డీ చేతికి రాకపోయినా బ్యాంకు ఏటా దాన్ని మీ పాన్ మీద చూపిస్తూనే ఉంటుంది. ఐదేళ్ళ వడ్డీ మొత్తం చివరి ఏడాదిలో చూపిద్దామని ఆగితే, నివేదికతో సరిపోక నోటీసు రావచ్చు, పైగా ఆ ఒక్క ఏడాది ఆదాయం పై స్లాబుకు ఎగబాకుతుంది.

రెండోది బాండు కొనేటప్పుడు. ఈ బాండ్లు రోజూ పెద్దగా చేతులు మారవు. కొన్ని సిరీస్‌లలో ఒక రోజంతా ఒక్క బాండు కూడా అమ్ముడుపోదు. మార్కెట్ ధరకు ఆర్డరు పెట్టారంటే ఎవరో దూరంగా పెట్టిన ధరకు తగులుకుంటారు. 1,102 దగ్గర 5.6 వచ్చే బాండు 1,125కి కొంటే ఈల్డ్ ఎంతకు పడిపోతుందో మీరే ఇందాకటి చేతి లెక్కతో చూడండి: 80లోంచి 25 తీసేస్తే 55, సగటు 1,062తో భాగిస్తే 5.2కు కాస్త తక్కువ. అప్పుడు 20 శాతం స్లాబు వారికి కూడా బాండు దండగైపోతుంది. కాబట్టి ఎప్పుడూ ఇంతకు మించి కొననని మీరే ధర చెప్పే లిమిట్ ఆర్డరే పెట్టండి, రెండు మూడు రోజులు ఆగినా ఫర్వాలేదు. తెర మీద కనిపించే ధరలో అప్పటిదాకా పోగైన వడ్డీ కూడా కలిసి ఉంటుంది. వడ్డీ తేదీ దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది, వడ్డీకి రికార్డు తేదీ దాటగానే ఆ మేరకు పడిపోతుంది. ధర తగ్గింది, చవగ్గా దొరికిందని సంబరపడకుండా ఆ రోజు తేదీతో ఈల్డ్ వేసి చూసుకోవాలి.

ఇక మీరు అడగండి.

*ప్రశ్న: సార్, వడ్డీ కలిపితే నా ఆదాయం 12 లక్షలు దాటుతోంది. డబ్బు మా ఆవిడ పేరు మీద డిపాజిట్ చేస్తే సరిపోతుంది కదా? ఆమెకు వేరే ఆదాయం లేదు.*

సరిపోదండి. భార్యకు ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీని మళ్ళీ మీ ఆదాయంలోనే కలుపుతారు. ఖాతా ఆమె పేరు మీదున్నా, టీడీఎస్ ఆమె పాన్ మీద పడినా సరే. ఆమె సొంత డబ్బు, అంటే పుట్టింటివారు ఇచ్చిందో, ఆమె సంపాదించిందో అయితే ఆమె ఆదాయమే. పెద్దవాళ్ళైన పిల్లలకు ఇస్తే కలపరు. కానీ ఇచ్చింది ఇచ్చినట్టే, తర్వాత అడిగితే ఇస్తారో లేదో మీ ఇంటి సంగతి, నేను చెప్పలేను.

*ప్రశ్న: బాండు గడువు తీరాక నష్టం వస్తుందన్నారు కదా. 1,102కి కొంటే 1,000 ఇస్తారు. ఆ 102 నష్టం ఎందులోనైనా తగ్గించుకోవచ్చా?*

దీర్ఘకాల మూలధన నష్టంగా చూపించవచ్చు. షేర్లు, స్థలం లాంటివి అమ్మి దీర్ఘకాల లాభం వచ్చి ఉంటే దాంట్లోంచి తీసేసుకోవచ్చు. పెన్షన్‌లోంచి, వడ్డీలోంచి తీయడానికి లేదు. ఆ ఏడాది లాభం లేకపోతే ఎనిమిదేళ్ళు ముందుకు తీసుకెళ్ళవచ్చు, కాకపోతే రిటర్ను గడువులోపు వేసి ఉండాలి. నేను మాత్రం ఈ వెసులుబాటును ఈల్డ్ లెక్కలో కలపను, అందరికీ అది అందదు కాబట్టి. గడువుకు ముందే, కొన్న ధర కంటే ఎక్కువకు అమ్మితే మాత్రం ఆ లాభానికి పన్ను ఉంటుంది. ఏడాది దాటాక అమ్మితే 12.5 శాతం. ట్యాక్స్ ఫ్రీ అన్నది వడ్డీకే.

*ప్రశ్న: బ్యాంకులో ఐదు లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంది. బాండుకు ఏముంది?*

బాండుకు డిపాజిట్ ఇన్సూరెన్స్ లేదు. అక్కడ మీరు నమ్ముతున్నది ఆ ప్రభుత్వ సంస్థను. వాటిలో చాలావాటికి మంచి రేటింగ్ ఉంది, కానీ రేటింగ్ అంటే కేంద్ర ప్రభుత్వ గ్యారంటీ అని అర్థం కాదు. బ్యాంకులో ఐదు లక్షలంటే అసలు, వడ్డీ కలిపి, ఒక బ్యాంకులో ఒకరికి. అదే బ్యాంకు రెండు బ్రాంచీల్లో పెట్టినా ఐదే. డబ్బు మధ్యలో అవసరమయ్యే అవకాశం ఉంటే అది కూడా ఆలోచించాలి. డిపాజిట్ ముందే తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, అసలు పోదు. బాండు అమ్మాలంటే కొనేవాడు దొరకాలి, ఆ రోజు ధర ఎంతుంటే అంత. వడ్డీరేట్లు పెరిగిన రోజుల్లో అది మీరు కొన్న ధర కంటే తక్కువే ఉంటుంది.

*ప్రశ్న: పీపీఎఫ్ ఉండగా ఈ తలనొప్పి ఎందుకండీ?*

మంచి ప్రశ్న అమ్మా, అసలు అక్కడి నుంచే మొదలుపెట్టాల్సింది. పీపీఎఫ్ వడ్డీ ఇప్పుడు 7.1 శాతం, దానికీ పన్ను లేదు. కొత్త విధానంలో పెట్టిన డబ్బుకు మినహాయింపు రాకపోయినా, వడ్డీకి పన్ను లేదన్నది అలాగే ఉంది. 30 శాతం స్లాబు వారికి 7.1ని 0.688తో భాగిస్తే 10.3 వస్తుంది. ఏ బాండూ దాని దగ్గరికి రాదు. స్లాబు సున్నా ఉన్నవారికి కూడా అది 6.8 డిపాజిట్ కంటే ఎక్కువే. అడ్డంకి ఏమిటంటే ఏడాదికి లక్షన్నర మించి వేయడానికి లేదు, కొత్తగా తెరిస్తే పదిహేనేళ్ళు. మీకు పాత ఖాతా ఉండి, గడువు తీరాక ఐదేళ్ళ చొప్పున పొడిగించుకుని ఉంటే, ముందు అందులో లక్షన్నర నింపండి. మిగిలిన డబ్బుకే ఈ బాండా డిపాజిట్టా అన్న లెక్క.

*ప్రశ్న: నా ఆదాయం 12 లక్షల 30 వేలు. డిపాజిట్ ఇప్పటికే వేసేశాను, ఇంకా మూడేళ్ళుంది. ఇప్పుడేం చేయమంటారు?*

ఆ 12 లక్షల 30 వేలల్లో డిపాజిట్ వడ్డీ కలిసే ఉందా?

*కలిసే ఉంది సార్. అరవై వేలు వడ్డీ.*

అంటే వడ్డీ తీసేస్తే 11 లక్షల 70 వేలు, పన్ను సున్నా. ఇప్పుడు 30 వేలకు సెస్సు కలిపి 31,200 కడుతున్నారు. 60 వేల వడ్డీలో సగానికి పైగా పోతోంది, మీకు మిగులుతున్నది 28,800. మొత్తం డిపాజిట్ పగలగొట్టక్కరలేదు. 30 వేల వడ్డీ తెచ్చే భాగం, అంటే దాదాపు సగం తీసేస్తే మీరు 12 లక్షలకు వచ్చేస్తారు. అది ఒకే రసీదుగా ఉందా, రెండు మూడుగా ఉందా చూసుకోండి. ఒకే రసీదైతే కొంత భాగం తీయనిస్తారా అని బ్రాంచిలో అడగండి. ముందే తీసినందుకు ఎంత కోత పడుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కోతనూ, వదులుకునే 30 వేల వడ్డీనీ ఒకవైపు, ఏటా తగ్గే 31,200 పన్నునూ, తీసిన డబ్బుకు బాండు కొంటే వచ్చేదాన్నీ ఇంకోవైపు పెట్టి చూడండి. సేవింగ్స్ వడ్డీ ఎంత వస్తుందో పాస్‌బుక్ చూసి ఆ అంకె కూడా పట్టుకుని రండి, బయట టీ తాగుతూ వేసేద్దాం.